టైముకు అద్దె కట్టేవారికి కృతజ్ఞత చెప్పి, అద్దె పెంచకుండా రెన్యువల్ ఇవ్వడం ఎలా?

"అద్దెకున్నవాళ్ళు చాలా మంచివాళ్ళు, ఈసారి పెంచదలచుకోలేదు. ఆ మాట ఎలా చెప్పాలి, కాగితం మీద ఎలా రాయాలి?" విజయవాడ, గుంటూరు ఇంటి యజమానుల నుంచి పదేపదే వచ్చే ప్రశ్న ఇది. నోటిమాటగా చెప్పేస్తే చాలదా అనిపిస్తుంది. చిక్కు మరుసటి ఏడాది వస్తుంది. "పోయినసారి వదిలేశాను కదా, ఈసారి రెండూ కలిపి పెంచుతాను" అని యజమాని, "పెంచనని మీరే అన్నారు కదా" అని అద్దెకున్నవారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు, కాగితం మాత్రం ఉండదు.

అందుకే ఈ పనిలో ముఖ్యమైన వాక్యం కృతజ్ఞతది కాదు. వచ్చేసారి పెంపును ఏ మొత్తం మీద లెక్కిస్తారో చెప్పే వాక్యం. మిగతా వరుస అంతా దాని చుట్టూనే ఉంటుంది.

మొదటి నుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ తీసుకుందాం. గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇంటి పై వాటా. అద్దె నెలకు 14,000 రూపాయలు, అడ్వాన్సు రెండు నెలల అద్దె, అంటే 28,000. ఒప్పందం 2025 జూలై 1 నుంచి 2026 మే 31 వరకు, 11 నెలలు. ఏ నెల అద్దె ఆ నెల 5వ తేదీలోపు కట్టాలి. రెన్యువల్ చేసిన ప్రతిసారీ 5 శాతం పెంపు అని అందులో ఒక షరతు ఉంది.

## 1. ముందు పాత ఒప్పందం తీసి చదవండి

చాలామంది బీరువాలోంచి ఆ కాగితం తీయకుండానే ఫోన్ చేసేస్తారు. తీసి నాలుగు చోట్ల గీత గీయండి.

□ గడువు ముగిసే తేదీ
□ ఖాళీ చేయడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలి
□ పెంపు షరతు ఏ మాటల్లో ఉంది
□ అడ్వాన్సు ఎంత, ఎప్పుడు ఇచ్చినట్టు రాసి ఉంది

వీటిలో మూడోది జాగ్రత్తగా చూడాలి. "రెన్యువల్ సమయంలో 5 శాతం పెంచవలెను" అని ఉంటే, మీరు ఇప్పుడు చేస్తున్నది ఆ షరతును ఈ ఒక్కసారికి వదులుకోవడం. అలా వదులుకుంటున్నట్టు స్పష్టంగా రాయాలి. "ఇద్దరూ మాట్లాడుకుని నిర్ణయించుకోవలెను" అని ఉంటే వదులుకోవడం అంటూ ఏమీ లేదు, పాత అద్దెనే కొత్త అద్దెగా ఖాయం చేస్తున్నారు. రెంటికీ ఉత్తరంలో రాసే వాక్యం వేరు.

## 2. అద్దె వచ్చిన తేదీలు బ్యాంకు స్టేట్‌మెంటులో చూడండి

"ఎప్పుడూ టైముకే కడతారు" అనేది మన జ్ఞాపకం. ఉత్తరంలో రాసేది లెక్క అయి ఉండాలి. ఫోన్‌లోని యాప్ హిస్టరీ కంటే బ్యాంకు స్టేట్‌మెంటు మేలు. అద్దె ఒక్కోసారి భార్య ఖాతా నుంచి, ఒక్కోసారి భర్త ఖాతా నుంచి వస్తుంటుంది, యాప్‌లో ఒక పేరుతో వెతికితే సగం నెలలు కనిపించవు. నగదుగా తీసుకున్న నెలలుంటే రసీదు పుస్తకం కూడా దగ్గర పెట్టుకోండి.

మన ఉదాహరణలో ఉత్తరం మార్చి చివర రాస్తున్నాం. జూలై నుంచి మార్చి వరకు తొమ్మిది అద్దెలు. ఎనిమిది 3వ తేదీలోపే వచ్చాయి. జనవరి అద్దె మాత్రం 9న వచ్చింది, కానీ ఆలస్యమవుతుందని 2వ తేదీనే ఫోన్ చేసి చెప్పారు.

ఇలాంటప్పుడు "ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు" అని రాయకండి. చదివేవారికి జనవరి గుర్తుంటుంది, మొత్తం మెచ్చుకోలు మొక్కుబడిగా కనిపిస్తుంది. "ఎనిమిది నెలలు 3వ తేదీలోపే పంపారు, జనవరిలో ఆలస్యమవుతుందని ముందే చెప్పారు" అని రాయండి. ముందే చెప్పడం కూడా మంచి అద్దెదారు లక్షణమే, దాన్ని మీరు గమనించారని తెలుస్తుంది.

## 3. పెంచకపోతే మీకు ఎంత తగ్గుతుందో లెక్క వేసుకోండి

ఈ లెక్క మీకోసమే, ఉత్తరంలో పెట్టడానికి కాదు. 14,000 మీద 5 శాతం అంటే నెలకు 700. 11 నెలలకు 7,700 రూపాయలు. మీరు వదులుకుంటున్నది అంతే.

ఇల్లు ఖాళీ అయితే రోజుకు పోయేది దాదాపు 467 రూపాయలు. అంటే 17 రోజులు టూలెట్ బోర్డు వేలాడితే ఆ 7,700 పోయినట్టే. రంగులు, చిన్న రిపేర్లు, బ్రోకరు కమిషన్ ఇంకా కలపలేదు.

బయట పలుకుతున్న అద్దెల లెక్క కూడా చూడాలి. ఆ వీధిలో అదే సైజు వాటాలు 17,000 పలుకుతుంటే మీ తేడా 700 కాదు, 3,000. అప్పుడు ఏమీ పెంచకపోవడం మీకు భారం కావచ్చు. మొదట ఒప్పుకుని నాలుగు నెలల తర్వాత గొణుక్కోవడం కంటే షరతు ప్రకారం 5 శాతమే పెంచి, టైముకు కట్టినందుకు కృతజ్ఞత విడిగా చెప్పడం మర్యాద.

ఈ దశలోనే ఇంకోటి తేల్చుకోవాలి. మెయింటెనెన్స్ గానీ, నీళ్ళ మోటరు ఖర్చు గానీ పెంచే ఆలోచన ఉందా? అద్దె పెంచలేదని చెప్పి జూన్‌లో మెయింటెనెన్స్ 500 పెంచితే, కట్టేవారి జేబులోంచి పోయేది 500 ఎక్కువే. వాళ్ళ దృష్టిలో మీరు పెంచినట్టే లెక్క. అపార్ట్‌మెంటు సంఘం పెంచినదైతే ఆ సంగతి, ఆ మొత్తం అదే ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసేయండి. మీ చేతిలోని ఖర్చయితే ఈసారికి దాన్నీ అలాగే ఉంచండి.

## 4. చెప్పే సమయం: గడువుకు రెండు నెలల ముందు

మే 31న ముగిసే ఒప్పందానికి మార్చి చివరి వారం సరైన సమయం. ఇల్లు మారాలనుకునేవాళ్ళు పిల్లల పరీక్షలు కాగానే ఏప్రిల్, మే నెలల్లో వెతుకుతారు, జూన్‌లో బడులు తెరిచేలోపు దిగిపోవాలని చూస్తారు. మే 20న మీరు తీపి కబురు చెప్పేసరికి వాళ్ళు పెంపుకు భయపడి వేరే చోట టోకెన్ అడ్వాన్సు ఇచ్చేసి ఉండవచ్చు.

పంచాంగం కూడా చూడండి. 2026లో అధిక జ్యేష్ఠ మాసం మే మధ్య నుంచి జూన్ మధ్య వరకు ఉంది. ఆ రోజుల్లో కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి చాలామంది ఇష్టపడరు. జూలై మధ్య నుంచి ఆషాఢం. మే ఆఖరున ఇల్లు ఖాళీ అయితే మంచి రోజుల కోసం ఆగేవాళ్ళ వల్ల ఎక్కువ కాలం ఖాళీగా ఉండే ప్రమాదం ఉంది. అద్దెకున్నవారికీ అదే ఇబ్బంది, వెళ్ళాలంటే మే మొదట్లోనే వెళ్ళాలి. ముందుగా చెబితే ఇద్దరికీ ఊపిరి ఆడుతుంది.

## 5. ముందు మాట, తర్వాత కాగితం

యజమాని నుంచి హఠాత్తుగా ఉత్తరం వస్తే ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన "ఖాళీ చేయమంటున్నారేమో" అని. కాబట్టి ముందు ఫోన్ చేయండి, లేదా ఒకే ఇంట్లో ఉంటే సాయంత్రం పూట రెండు నిమిషాలు మాట్లాడండి. మొదటి వాక్యంలోనే విషయం చెప్పేయాలి.

"అమ్మా, మే నెలాఖరుకి అగ్రిమెంటు అయిపోతుంది కదా. మీరు ఉంటామంటే మాకు సంతోషం. అద్దె ఈసారి పెంచటం లేదు, అదే పద్నాలుగు వేలు. కాగితం రాసి పంపిస్తాను, ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి."

అంతే. అక్కడికక్కడే జవాబు అడగవద్దు. వయసులో చిన్నవారైతే మాటల్లో అమ్మా, బాబూ అన్నా ఫరవాలేదు, ఉత్తరంలో మాత్రం గారు అనే రాయాలి. ఒప్పందం ఎవరి పేరున ఉందో వారికే రాయండి. అద్దె పంపేది వేరొకరైనా సంతకం చేయాల్సింది వారే.

అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. కింది వాటావారికి 700 పెంచి పై వాటావారికి పెంచలేదంటే, ఆ మాట మెట్ల దగ్గర మొదలై మీ గుమ్మం దాకా వస్తుంది.

## 6. ఉత్తరం రాయడం

ఒక పేజీ దాటకూడదు. ఈ వరుసలో ఉండాలి: లెక్కతో కూడిన కృతజ్ఞత, తేదీలతో రెన్యువల్, అద్దె, వచ్చేసారి లెక్క, అడ్వాన్సు, జవాబు ఇవ్వాల్సిన తేదీ.

నమూనా ఇది. ఖాళీలు నింపుకోండి.

> గుంటూరు, 28-3-2026
>
> శ్రీ / శ్రీమతి ____________ గారికి,
>
> నమస్కారం. మా బ్రాడీపేట ఇంటి పై వాటాలో మీరు చేరినప్పటి నుంచి తొమ్మిది నెలల అద్దె అందింది. అందులో ఎనిమిది నెలలు 3వ తేదీలోపే పంపారు. జనవరిలో కొంచెం ఆలస్యమవుతుందని ముందుగానే ఫోన్ చేసి చెప్పారు. ఏ నెలా అడిగించుకోకుండా కట్టినందుకు, ఇల్లు శుభ్రంగా ఉంచినందుకు మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు.
>
> మన ఒప్పందం 31-5-2026తో ముగుస్తుంది. మీకు ఇష్టమైతే 1-6-2026 నుంచి 30-4-2027 వరకు, 11 నెలలకు రెన్యువల్ చేయాలనుకుంటున్నాము. ఈ 11 నెలలకు అద్దె పెంచడం లేదు. ఇప్పుడున్న 14,000 రూపాయలే ఉంటుంది. మెయింటెనెన్స్‌లో కూడా మార్పు లేదు.
>
> ఒప్పందంలోని 5 శాతం పెంపు షరతును ఈ ఒక్క రెన్యువల్‌కు వర్తింపజేయడం లేదు. ఆ తర్వాత రెన్యువల్ చేసుకుంటే పెంపును 14,000 మీదనే లెక్కిస్తాము. ఇప్పుడు పెంచని మొత్తాన్ని అప్పుడు కలపము.
>
> మీరు ఇచ్చిన 28,000 రూపాయల అడ్వాన్సు మా దగ్గర అలాగే ఉంది. కొత్తగా ఏమీ ఇవ్వనక్కరలేదు.
>
> మీ నిర్ణయం ఏప్రిల్ 20లోగా తెలియజేస్తే కొత్త కాగితాలు సిద్ధం చేయిస్తాము. వేరే ఆలోచన ఉన్నా మొహమాటం లేకుండా చెప్పండి.
>
> ఇట్లు,
> ____________ (సంతకం)

మూడో పేరాలోని లెక్క చూడండి. 14,000 మీద 5 శాతం పెరిగితే 2027 మేలో అద్దె 14,700. ఆ వాక్యం లేకపోతే, వదిలేసిన పెంపు కూడా కలిపి 14,000కి 5 శాతం, దాని మీద మళ్ళీ 5 శాతం వేసి 15,435 అడిగే అవకాశం ఉంది. తేడా నెలకు 735 రూపాయలు. మీ ఉద్దేశం నిజంగా రెండోదే అయితే దాన్నే రాయండి, అప్పుడు అద్దెకున్నవారు తెలిసి ఒప్పుకుంటారు. కాకపోతే దాన్ని అద్దె పెంచకపోవడం అనకూడదు, పెంపును వాయిదా వేయడం అనాలి.

"ఈ ఏడాది పెంచము" అని ఊరికే రాయడం కూడా పొరపాటే. ఏ ఏడాది? డిసెంబరు దాకానా, వచ్చే మార్చి దాకానా, ఉగాది దాకానా? ఒప్పందం 11 నెలలది కాబట్టి గడువు ఏటా ఒక నెల ముందుకు జరుగుతుంది, ఈసారి మే 31, వచ్చేసారి ఏప్రిల్ 30. మొదలు, చివర తేదీలు రెండూ అంకెల్లో ఉండాలి.

ఇంకో మాట. మెచ్చుకునే ఉత్తరంలో ఫిర్యాదులు పెట్టకండి. "మేడ మీద బట్టలు ఆరేయవద్దు", "బండి గేటు దగ్గర పెట్టవద్దు" లాంటివి ఉంటే వేరే రోజు వేరేగా చెప్పండి. కృతజ్ఞత కింద ఒక్క ఆంక్ష రాసినా చదివేవారికి గుర్తుండేది ఆంక్షే.

రిపేరు చేయిస్తామని రాయాలనుకుంటే పని, తేదీ రెండూ రాయండి. పై వాటాకు గుంటూరు ఎండల్లో స్లాబు కాలిపోతుంది. "ఏప్రిల్ 15లోగా మేడ మీద కూలింగ్ పెయింట్ వేయిస్తాము" అంటే మాట. "వీలు చూసి చేయిస్తాము" అని రాసేకంటే అసలు రాయకపోవడమే నయం.

## 7. జవాబు రాతలో తీసుకోండి

ఉత్తరం కాగితం చేతికి ఇచ్చి, దాని ఫోటో వాట్సాప్‌లో కూడా పంపండి. జవాబుగా ఒక్క వాక్యం చాలు:

> "28-3-2026 నాటి మీ ఉత్తరంలోని షరతుల ప్రకారం 1-6-2026 నుంచి రెన్యువల్‌కు అంగీకరిస్తున్నాము."

బొటనవేలు ఎత్తి చూపే బొమ్మ ఒక్కటి వస్తే ఆగిపోకండి, అది చూశామని చెప్పడమో ఒప్పుకున్నామని చెప్పడమో తెలియదు. పై వాక్యం మీరే రాసి పంపి, అలాగే తిరిగి పంపమని అడగవచ్చు.

ఏప్రిల్ 20 దాటినా జవాబు రాకపోతే ఒకసారి ఫోన్ చేయండి. ఉద్యోగ బదిలీ ఆర్డరు కోసం, పిల్లల కాలేజీ సీటు కోసం ఎదురుచూస్తుండవచ్చు. కారణం చెబితే మరో పది రోజులు ఇవ్వండి, కొత్త తేదీని మాత్రం మెసేజ్‌లో రాయండి. వెళ్ళిపోతామంటే అడ్వాన్సు ఎప్పుడు, ఏవి మినహాయించి తిరిగిస్తారో అదే సంభాషణలో చెప్పండి.

## 8. కొత్త ఒప్పందం రాయించడం

ఉత్తరం, జవాబు ఉన్నాయి కదా అని ఇక్కడ ఆగిపోయేవారు చాలామంది. గడువు తీరాక కొత్త ఒప్పందం లేకుండా మీరు అద్దె తీసుకుంటూ ఉంటే, వేరేగా రాసుకోనంతవరకు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ ప్రకారం నివాసపు అద్దె నెలనెలా సాగేదిగా మారుతుంది. అలాంటి అద్దెను 15 రోజుల నోటీసుతో ఎవరైనా ముగించవచ్చు. 11 నెలల భరోసా ఇద్దామనుకున్నవారు 15 రోజుల భరోసాతో మిగిలిపోతారు.

అలాగని ఉత్సాహంలో "రెండేళ్ళు పెంచము" అని ఒకే ఒప్పందంలో రెండేళ్ళ గడువు రాయించకండి. దేశమంతటికీ ఉన్న నియమం ప్రకారం ఏడాది దాటిన లీజును రిజిస్ట్రేషన్ చేయించి తీరాలి. 11 నెలల అలవాటు వచ్చింది ఆ నియమం వల్లనే, కానీ ఆంధ్రప్రదేశ్‌లో 1999 సవరణ తర్వాత ఏడాది లోపు లీజుకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కాబట్టి గడువు 11 నెలలకే ఉంచినా, రిజిస్ట్రేషన్ సంగతి ఇద్దరూ ముందే మాట్లాడుకోండి.

డాక్యుమెంట్ రైటరు దగ్గరికి వెళ్ళినప్పుడు పాత ఒప్పందంలో తేదీలు మార్చి ప్రింటు తీసి ఇచ్చేస్తారు. తప్పులు అక్కడే దొర్లుతాయి. సంతకానికి ముందు ఇవి చూసుకోండి.

□ స్టాంపు కాగితం మీ ఇద్దరిలో ఒకరి పేరున ఉందా. కొన్న తేదీ ఒప్పందం తేదీకి ముందుదో, అదే రోజుదో అయి ఉందా
□ గడువు 1-6-2026 నుంచి 30-4-2027 అని ఉందా
□ అద్దె అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఒకటేనా (5 శాతం అలవాటుగా కలిపేసి 14,700 అని టైపు చేస్తుంటారు)
□ వచ్చే పెంపు 14,000 మీదనే అన్న వాక్యం ఉత్తరంలోంచి ఒప్పందంలోకి వచ్చిందా
□ ప్రతి పేజీ మీద ఇద్దరి సంతకాలు, చివర ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నాయా

అడ్వాన్సు వాక్యం గురించి విడిగా చెప్పాలి. పాత కాగితంలో "ఈ రోజు 28,000 అడ్వాన్సుగా ముట్టినది" అని ఉంటుంది. దాన్ని అలాగే ఉంచితే పాత ఒప్పందం కింద ఒక 28,000, కొత్తదాని కింద ఇంకో 28,000 మీరు తీసుకున్నట్టు చదవవచ్చు. ఆ వాక్యం మొత్తం తీసేస్తే అద్దెకున్నవారి దగ్గర అడ్వాన్సుకు తాజా రుజువు ఉండదు. "1-7-2025 నాటి ఒప్పందం కింద ఇచ్చిన 28,000 రూపాయలే ఈ ఒప్పందానికీ అడ్వాన్సుగా కొనసాగును" అని రాయిస్తే రెండు ఇబ్బందులూ ఉండవు.

కరెంటు బిల్లు సంగతి కూడా ఆ రోజే చూసుకోండి. ఇంటి సర్వీసు నంబరు మీ పేరునే ఉంటుంది, కట్టేది వాళ్ళు. బకాయి లేదని ఇద్దరూ కలిసి చూసుకుని, ఆ రోజు మీటరు రీడింగు ఒప్పందం వెనక రాసుకుంటే చాలు.

## 9. రసీదులు, పాన్ నంబరు

అద్దెకున్నవారు జీతం మీద బతికేవారై, పాత పన్ను విధానం ఎంచుకుని ఉంటే, ఇంటి అద్దె భత్యంపై పన్ను మినహాయింపు కోసం ఆఫీసులో కొత్త ఒప్పందం నకలు, అద్దె రసీదులు అడుగుతారు. ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే యజమాని పాన్ నంబరు కూడా కావాలి. నెలకు 14,000 అంటే ఏడాదికి 1,68,000, కాబట్టి అలాంటివారిని తప్పకుండా అడుగుతారు.

అడిగేదాకా ఆగకుండా, కొత్త ఒప్పందం నకలుతో పాటే పాన్ నంబరు, తొమ్మిది నెలల పాత రసీదులు సంతకం చేసి ఇవ్వండి. నగదుగా ఇచ్చిన నెలల్లో మొత్తం 5,000 దాటింది కాబట్టి రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకం చేయాలి. పాన్ ఇవ్వడానికి వెనకాడే యజమాని 700 పెంచకపోయినా, అద్దెకున్నవారు పన్ను రూపంలో అంతకంటే ఎక్కువే పోగొట్టుకోవచ్చు. మీకు వచ్చే అద్దెను మీ రిటర్నులో ఎలాగూ చూపించాలి, అందులోనూ ఆస్తి పన్ను పోను మిగిలిన అద్దెలో 30 శాతం మినహాయింపు మీకు ఉంటుంది.

## 10. జూన్ మొదటి వారం

జూన్ అద్దె 14,000 వచ్చిందో లేదో చూడండి. కొందరు మొహమాటానికి 14,500 పంపుతారు, "మీరు మంచివాళ్ళు, మేమే ఇస్తున్నాం" అంటూ. ఉంచుకుంటే ఒప్పందంలో ఒక అద్దె, ఖాతాలో ఇంకో అద్దె అవుతుంది. అదనపు 500 అదే రోజు వెనక్కి పంపి, జూన్ రసీదు 14,000కే రాయండి.

ఉత్తరం, దానికి వచ్చిన జవాబు, కొత్త ఒప్పందం, మూడూ ఒకే కవరులో పెట్టి పైన "30-4-2027" అని రాసుకోండి. ఫోన్ క్యాలెండర్‌లో 2027 ఫిబ్రవరి చివరి వారానికి ఒక గుర్తు పెట్టుకోండి, మళ్ళీ మాట్లాడాల్సింది అప్పుడే.